హైబ్రిడ్ సెర్చ్‌లో రెండు వరసలను ఎలా కలపాలి: ఆర్‌ఆర్‌ఎఫ్ తీసుకోవాలా, స్కోర్లు కలపాలా?

మాటకు మాట కలిపి వెతికే కీవర్డ్ సెర్చ్ ఒక్కటీ చాలదు, అర్థం పోలికను బట్టి వెతికే వెక్టర్ సెర్చ్ ఒక్కటీ చాలదు అన్న సంగతి ఈపాటికి చాలామందికి తెలిసిందే. అందుకే రెండూ నడిపి ఫలితాలను కలుపుతున్నారు. అసలు చిక్కంతా ఆ కలపడం దగ్గరే ఉంది. ఎక్కువమంది టూల్ ఏది డిఫాల్ట్‌గా ఇస్తే దాన్నే అలాగే ఉంచేస్తారు. ఆ డిఫాల్ట్ మీ డేటాకు నప్పిందో లేదో ఎలా తెలుసుకోవాలి, నప్పకపోతే ఏది ఎంచుకోవాలి అన్నది ఒక నెల్లూరు ఉదాహరణ మీద లెక్క వేసి చూద్దాం.

కోవూరు వైపు విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక షాపుందనుకోండి. వాళ్ల దగ్గర వరి, నిమ్మ, మిరప పంటల మీద తెలుగులో రాసిన సలహా పేజీలు కొన్ని వేలున్నాయి. రైతులు ఫోన్‌లో టైపు చేసి వెతుకుతారు. ఆ ప్రశ్నలు రెండు రకాలుగా వస్తాయి. ఒక రకం వాళ్లు ఏం కావాలో అచ్చంగా చెప్తారు: `NLR 34449 విత్తనం ఎకరానికి ఎంత`. రెండో రకం వాళ్లు కంటికి కనబడింది చెప్తారు: `నారుమడిలో ఆకుల మీద కాలినట్టు మచ్చలు`. మొదటిదానికి కీవర్డ్ సెర్చ్ కావాలి. వెక్టర్ మోడల్‌కు 34449 అన్నా 33892 అన్నా దాదాపు ఒకటే, రెండూ నెల్లూరు పరిశోధన స్థానం వడ్ల రకాల నంబర్లే కాబట్టి అర్థంలో పక్కపక్కనే పడతాయి. రెండోదానికి వెక్టర్ కావాలి. సలహా పేజీలో 'అగ్గి తెగులు', 'నూలుకండె ఆకారపు మచ్చలు' అని ఉంటుంది గానీ 'కాలినట్టు' అన్న మాట ఎక్కడా ఉండదు.

ఈ రెండు వరసలనూ నేరుగా కూడలేం. కీవర్డ్ వైపు వాడే బీఎం25 స్కోరుకు పై హద్దంటూ లేదు. అరుదైన మాట కలిస్తే, ప్రశ్నలో మాటలు ఎక్కువుంటే పెరుగుతూ పోతుంది, పద్నాలుగు రావచ్చు, ముప్ఫై రావచ్చు. వెక్టర్ వైపు కొసైన్ సామ్యం ఒకటి దాటదు. అదీగాక చాలా మోడళ్లలో ఒకే రంగం పేజీలన్నీ ఇరుకు పట్టీలో కుక్కుకుని ఉంటాయి, మన షాపు పేజీల్లో 0.76 నుంచి 0.86 దాకా అనుకుందాం. పద్నాలుగుకు 0.83 కలిపితే వెక్టర్ ఉన్నా లేనట్టే. ఇక్కణ్ణుంచి దారి రెండుగా చీలుతుంది: స్కోర్లు వదిలేసి ర్యాంకులు మాత్రమే చూడటం, లేదా రెండు స్కోర్లనూ ఒకే కొలతకు తెచ్చి కలపడం.

ర్యాంకులతో కలిపే పద్ధతి

దీని పేరు రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్, అందరూ ఆర్‌ఆర్‌ఎఫ్ అంటారు. 2009లో కార్మాక్, క్లార్క్, బ్యూచర్ రాసిన పేపర్‌లో వచ్చింది. సూత్రం ఒక్క లైను:

```
score(d) = 1/(k + rank_kw) + 1/(k + rank_vec)
```

k విలువ ఆ పేపర్‌లోనే 60. ఇప్పటికీ ఎలాస్టిక్‌సెర్చ్‌లో `rank_constant` డిఫాల్ట్ అదే. ఇది ఇంత పాకడానికి కారణం, దీనికి ముందుగా ఏమీ తెలియాల్సిన పనిలేదు. స్కోర్లు ఏ కొలతలో ఉన్నా, రెండు వేర్వేరు సర్వర్ల నుంచి వచ్చినా, మూడో వరస వచ్చి చేరినా పని జరిగిపోతుంది.

ఇప్పుడు 34449 ప్రశ్న వేద్దాం. చేత్తో లెక్క వేసుకోడానికి వీలుగా ఉదాహరణ అంకెలు పెట్టుకున్నాను. నాలుగు పేజీలు పోటీలో ఉన్నాయి.

| పేజీ | బీఎం25 | కీవర్డ్ ర్యాంకు | కొసైన్ | వెక్టర్ ర్యాంకు |
|---|---|---|---|---|
| NLR 34449 సాగు (సరైనది) | 14.2 | 1 | 0.83 | 4 |
| NLR 33892 సాగు | 5.2 | 2 | 0.85 | 2 |
| వరి విత్తన మోతాదు, సాధారణం | 4.6 | 3 | 0.86 | 1 |
| BPT 5204 సాగు | 4.0 | 4 | 0.84 | 3 |

సరైన పేజీకి ఆర్‌ఆర్‌ఎఫ్ ఇచ్చేది 1/61 + 1/64, అంటే 0.03202. సాధారణ పేజీకి 1/63 + 1/61, అంటే 0.03227. 33892 పేజీకి రెండుసార్లు 1/62, అంటే 0.03226. ఏ రకమో నంబరుతో సహా చెప్పి అడిగిన రైతుకు ఆ రకం పేజీ మూడో స్థానంలో కనిపిస్తుంది, పైన వేరే రకం పేజీ కూర్చుని ఉంటుంది.

ఇలా ఎందుకయిందో టేబుల్‌లోనే ఉంది. కీవర్డ్ వైపు ఒకటో పేజీకీ రెండో పేజీకీ మధ్య తొమ్మిది పాయింట్ల తేడా ఉంది, ఆ నంబరు ఉన్న పేజీ అదొక్కటే గనక. వెక్టర్ వైపు ఒకటో పేజీకీ నాలుగో పేజీకీ తేడా 0.03, అది ఉన్నా లేనట్టే. ర్యాంకులుగా మార్చేసరికి పెద్ద తేడా ఒక్క మెట్టుగా కుంచించుకుపోయింది, తేడానే కాని తేడా మూడు మెట్లుగా సాగిపోయింది.

ఇక్కడ చాలామంది k తగ్గిస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. సరైన పేజీ ర్యాంకులు 1, 4. సాధారణ పేజీ ర్యాంకులు 3, 1. రెంటిలోనూ ఉన్న ఒకటో ర్యాంకులు చెల్లుకుపోతాయి, మిగిలేది నాలుగుకూ మూడుకూ పోటీ. k ఎంత పెట్టినా గెలిచేది మూడే. కీవర్డ్ వరసకు రెట్టింపు బరువిస్తే మాత్రం సరైన పేజీ 0.04841తో పైకి వస్తుంది. కానీ 33892 పేజీ 0.04839తో వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. అంత సన్నటి తేడా మీద నిలబడిన గెలుపు తర్వాతి ప్రశ్నకే తిరగబడుతుంది.

స్కోర్లను ఒకే కొలతకు తెచ్చే పద్ధతి

దీన్ని కాన్వెక్స్ కాంబినేషన్ అంటారు, మామూలు మాటల్లో బరువులు వేసి కూడటం. ఆల్ఫా అనే ఒక అంకె వెక్టర్ వైపు బరువు, ఒకటిలోంచి ఆల్ఫా తీసేస్తే మిగిలేది కీవర్డ్ వైపు బరువు. కూడేముందు రెండు స్కోర్లనూ సున్నాకూ ఒకటికీ మధ్యకు తేవాలి. అందరూ వాడేది మిన్-మ్యాక్స్: వచ్చిన వరసలో అతి తక్కువ స్కోరును సున్నాగా, అతి ఎక్కువ స్కోరును ఒకటిగా పెట్టి మిగతావి ఆ మధ్యలో సర్దడం. వీవియేట్‌లో 1.24 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా వచ్చే `relativeScoreFusion` చేసేది ఇదే. ఓపెన్‌సెర్చ్‌లో అయితే `normalization-processor`లో `min_max` అని పెట్టుకోవచ్చు.

పై ప్రశ్నకే ఈ లెక్క వేద్దాం. కీవర్డ్ వరస చివర 2.2, వెక్టర్ వరస చివర 0.76 ఉన్నాయనుకుందాం. ఆల్ఫా 0.5. సరైన పేజీకి కీవర్డ్ వైపు 1.0, వెక్టర్ వైపు 0.7, కలిపి 0.85. సాధారణ పేజీకి 0.2, 1.0 కలిపి 0.60. 33892 పేజీకి 0.575. తొమ్మిది పాయింట్ల తేడా తేడాగానే నిలిచింది, సరైన పేజీ దర్జాగా పైన ఉంది. ఆల్ఫా 0.7కు పెంచినా 0.79, 0.76 తేడాతో అదే గెలుస్తుంది. 0.8 పెడితే మాత్రం ఓడిపోతుంది.

ఇంతవరకు చూసి మిన్-మ్యాక్స్‌కు ఓటేస్తే తొందరపాటు. రెండో ప్రశ్న వేసి చూడండి: నారుమడిలో ఆకుల మీద కాలినట్టు మచ్చలు. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల పుణ్యమా అని మన షాపు పేజీల్లో నిమ్మ సంగతులు చాలా ఉంటాయి. 'నిమ్మ ఆకుల మీద మచ్చలు' అన్న పేజీ కీవర్డ్ వైపు ఒకటో ర్యాంకు కొట్టింది. స్కోరు చూస్తే 3.6 మాత్రమే. 'ఆకుల', 'మీద', 'మచ్చలు' అన్నీ ఎక్కడ చూసినా ఉండే మాటలే కాబట్టి అంతకన్నా రాదు. రావాల్సిన అగ్గి తెగులు పేజీ 2.4తో ఏడో ర్యాంకులో ఉంది, వరస చివర 2.1. వెక్టర్ వైపు అగ్గి తెగులు 0.84తో ఒకటోది, నిమ్మ పేజీ 0.80తో ఐదోది, వరస చివర 0.76.

మిన్-మ్యాక్స్ ఇక్కడ ఏం చేస్తుందంటే, నిమ్మ పేజీ తెచ్చుకున్న 3.6ను కూడా 1.0గా మార్చేస్తుంది. ఇందాక 14.2 ఏ విలువ పొందిందో 3.6 కూడా అదే విలువ పొందింది. కలిపి చూస్తే నిమ్మకు 0.75, అగ్గి తెగులుకు 0.60. నారుమడి గురించి అడిగిన రైతుకు నిమ్మచెట్టు సలహా. ఆర్‌ఆర్‌ఎఫ్ పెట్టి చూసినా నిమ్మకు 0.03178, అగ్గి తెగులుకు 0.03132, అక్కడా అదే తప్పు. రెండు పద్ధతులూ వేసే తప్పటడుగు ఒక్కటే: ఈ వరసలో ఒకటోదెవరు అని చూస్తాయి గానీ ఆ ఒకటో స్థానానికి అసలు విలువెంత అని చూడవు. కీవర్డ్ సెర్చ్‌కు ఏమీ దొరకని రోజున కూడా దాని వరసలో ఒకటో ర్యాంకు అనేది ఒకటి ఉంటుంది కదా.

కొలబద్ద కదలకుండా పెట్టడం

నేనైతే ఇలాంటి డేటాకు ఎంచుకునేది ఇదే. ప్రతి ప్రశ్నకూ మారిపోయే మిన్, మ్యాక్స్ బదులు ముందే నిర్ణయించి కట్టేసిన హద్దులు వాడటం. షాపుకు ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లోంచి రెండు మూడు వందలు తీసి, ఒక్కోదానికి కీవర్డ్ వైపు వచ్చిన అత్యధిక స్కోరు రాసుకోండి. వాటిని వరసలో పెట్టి, పైన ఉన్న ఐదు శాతం వదిలేస్తే ఆగే చోటే మీ పై హద్దు. మన ఉదాహరణలో అది 15 అనుకుందాం. వెక్టర్ వైపు కూడా అలాగే 0.76, 0.86 అని కట్టేశాం.

```python
def kalupu(bm25, cos, alpha=0.5, cap=15.0, lo=0.76, hi=0.86):
    k = min(bm25 / cap, 1.0)
    v = min(max((cos - lo) / (hi - lo), 0.0), 1.0)
    return (1 - alpha) * k + alpha * v
```

34449 ప్రశ్నకు సరైన పేజీ 0.82, సాధారణ పేజీ 0.65, 33892 పేజీ 0.62. నారుమడి ప్రశ్నకు అగ్గి తెగులు 0.48, నిమ్మ 0.32. రెండు ప్రశ్నలకూ సరైన పేజీయే పైన ఉంది, ఆల్ఫా మార్చకుండానే. కీవర్డ్ వైపు గట్టి ఆధారం ఉన్నప్పుడు దాని మాట చెల్లింది, లేనప్పుడు తనంతట తానే పక్కకు తప్పుకుంది.

దీనికీ లోపాలున్నాయి. ప్రశ్న పొడవు పెరిగితే బీఎం25 కూడా పెరుగుతుంది. ఎవరైనా ఒక పేరా టైపు చేస్తే మామూలు మాటలన్నీ కలిసి కూడా పది దాటించేస్తాయి, అప్పుడు నిమ్మ పేజీ లాంటివి మళ్లీ బలం పుంజుకుంటాయి. పొడవు ప్రశ్నలు ఎక్కువొచ్చే చోట పై హద్దును మాటల సంఖ్యను బట్టి రెండు మూడు మెట్లుగా పెట్టుకోవడం మేలు. ఇంకొకటి, వెక్టర్లు తయారుచేసే ఎంబెడింగ్ మోడల్ మారిస్తే 0.76, 0.86 పనికిరావు. కొత్త మోడల్ ఇచ్చే పట్టీ 0.30 నుంచి 0.65 దాకా ఉండొచ్చు. మోడల్ మార్చి ఈ రెండంకెలు మార్చడం మరిచిపోతే వెక్టర్ వైపంతా సున్నాకు అతుక్కుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, ఫలితాలు మాత్రం అచ్చం కీవర్డ్ సెర్చ్‌లా ఉంటాయి.

ఒక వరసలో ఉండి ఇంకో వరసలో లేని పేజీల సంగతి కూడా చూసుకోవాలి. ఒక్కో వైపు నుంచి వంద తీసుకుంటే, కీవర్డ్ వందలో ఉన్న పేజీ వెక్టర్ వందలో లేకపోవచ్చు. దానికి సున్నా వేస్తారు అందరూ. వేయక్కర్లేదు. ఆ పేజీ వెక్టర్ మన దగ్గరే ఉంది, అలాంటివి మహా అయితే వంద ఉంటాయి, వాటి కొసైన్ విడిగా లెక్కేస్తే కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. నూటొకటో స్థానంలో ఉన్నందుకే పేజీ మొత్తంగా ఓడిపోవడం అన్యాయం.

ఆల్ఫా ఎంత పెట్టాలి

దీనికి పుస్తకంలో జవాబుండదు, మీ ప్రశ్నల్లోనే ఉంటుంది. అసలు రైతులు టైపు చేసిన ప్రశ్నలు నలభై యాభై తీసుకుని, ఒక్కోదానికి సరైన పేజీ ఏదో షాపులో పనిచేసే మనిషి చేత గుర్తు పెట్టించండి. ప్రోగ్రాం రాసినవాళ్లు గుర్తు పెడితే ఉపయోగం తక్కువ. ఆల్ఫాను 0.1 చొప్పున సున్నా నుంచి ఒకటి దాకా మార్చుతూ, ఎన్ని ప్రశ్నలకు సరైన పేజీ మొదటి మూడింటిలో వచ్చిందో లెక్కపెట్టండి. బ్రూచ్, గాయ్, ఇంగ్బర్ అనే ముగ్గురు ఈ రెండు పద్ధతులనూ పోల్చి రాసిన పేపర్‌లో తేలిందీ ఇదే: బరువులేసి కూడే పద్ధతి ఆర్‌ఆర్‌ఎఫ్ కన్నా మెరుగ్గా నడిచింది, దాని ఆల్ఫాను సరిచేయడానికి కొద్దిపాటి ఉదాహరణలు చాలు. ఆర్‌ఆర్‌ఎఫ్‌కు ఏమీ సరిచేయక్కర్లేదన్న పేరుంది గానీ, k మారితే దాని ఫలితాలూ మారతాయని వాళ్లు చూపించారు.

లెక్కపెట్టేటప్పుడు రెండు రకాల ప్రశ్నలను కలిపేయకండి. నంబరున్న ప్రశ్నలు ఒక దొంతర, లేనివి ఒక దొంతర. ఆల్ఫా 0.3 దగ్గర మొదటి దొంతర, 0.7 దగ్గర రెండో దొంతర బాగుంటే, సగటు తీసి 0.5 అని పెట్టేయడం కన్నా ప్రశ్నలో నాలుగైదు అంకెల నంబరుందా అని చూసి ఆల్ఫా మార్చడం నయం. ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో అయ్యే పని.

ఫ్యూజన్ మార్చేముందు ఇది చూడండి

చాలాసార్లు తప్పు కలపడంలో ఉండదు, కీవర్డ్ వైపు అసలు మాటే దొరక్క ఉంటుంది. `NLR-34449` అన్నా `NLR 34449` అన్నా రాతను మాటలుగా విడగొట్టే మామూలు టోకనైజర్ రెండు ముక్కలు చేస్తుంది. `NLR34449` అని కలిపి కొడితే అదొకే ముక్క, దేనితోనూ కలవదు. 'ఎన్‌ఎల్‌ఆర్' అని తెలుగులో కొట్టేవాళ్లున్నారు, అందులోనూ కంటికి కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ ఒక కీబోర్డ్ పెడుతుంది, ఇంకోటి పెట్టదు. చూపుకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరువేరు మాటలు. ఇండెక్స్ చేసేటప్పుడూ వెతికేటప్పుడూ ఆ అక్షరం తీసేసి, అక్షరాలకూ అంకెలకూ మధ్య ఖాళీ పెట్టేస్తే ఈ గొడవలో సగం తీరుతుంది.

మిగతా సగం విభక్తులది. నెల్లూరు వైపు రెండో పంటను ఎడగారు అంటారు. 'ఎడగారుకు ఏ వడ్లు వేయాలి' అని అడిగితే వెక్టర్ మోడల్‌కు ఆ మాట తెలియకపోవడానికే అవకాశం ఎక్కువ, ఇక కీవర్డ్ సెర్చే దిక్కు. పేజీలో 'ఎడగారు' అనుంటే 'ఎడగారుకు' దానితో కలవదు. లూసీన్‌లో తెలుగు ఎనలైజర్ ఉంది, ప్రత్యయాలు కొంతవరకు కోస్తుంది. లేకపోతే తెలుగు మాటలకు మాత్రం అక్షరాల ముక్కలతో ఇండెక్స్ చేయండి. అంకెలకు మాత్రం అలా చేయకూడదు, 34449 ముక్కలైతే సంబంధంలేని నంబర్లన్నీ వచ్చి చేరతాయి.

తప్పు ఎక్కడుందో తేల్చుకోడానికి సులువైన మార్గం, టెస్ట్ పేజీలో ప్రతి ఫలితం పక్కనా నాలుగంకెలు చూపించడం: బీఎం25, కొసైన్, రెండు ర్యాంకులు. సరైన పేజీకి రెండు వైపులా మంచి స్కోరున్నా కింద ఉంటే తప్పు ఫ్యూజన్‌ది. ఒక వైపు సున్నా ఉంటే ముందు ఆ వైపు టోకనైజరో మోడలో చూడండి, ఆల్ఫా జోలికి పోకండి.

మరి ఆర్‌ఆర్‌ఎఫ్ ఎప్పుడు?

గుర్తు పెట్టించిన ప్రశ్నలు ఒక్కటీ లేని మొదటి నెలలో అదే పెట్టండి, వేరే ఆలోచన వద్దు. హద్దులు, ఆల్ఫా ఊహించి పెట్టేకన్నా అది నయం. స్కోర్లు బయటికివ్వని సర్వీసు నుంచి ఫలితాలు తెచ్చుకుంటుంటే వేరే దారి ఎలాగూ లేదు. పోస్ట్‌గ్రెస్‌లో `ts_rank`తో నడిపేవాళ్లకూ నేను ఆర్‌ఆర్‌ఎఫ్ వైపే చెప్తాను. అది బీఎం25 కాదు, మాట ఎంత అరుదైనదో చూడదు, కాబట్టి 34449 దొరికినప్పుడు కూడా ఇందాకటి తొమ్మిది పాయింట్ల తేడా లాంటిది అందులో కనబడదు. నిలబెట్టుకోడానికి స్కోరులో సమాచారమే లేనప్పుడు స్కోర్లు కలిపి లాభం లేదు.

ఇంకో సందర్భం, తర్వాత రీర్యాంకర్ ఉన్నప్పుడు. ప్రశ్ననూ పేజీనూ పక్కపక్కన పెట్టి చదివే క్రాస్-ఎన్‌కోడర్ మొదటి యాభై పేజీలను మళ్లీ వరస పెడుతుంటే, ఫ్యూజన్ పని సరైన పేజీని ఆ యాభైలో పడేయడం వరకే. మన 34449 పేజీ మూడో స్థానంలో ఉన్నా ఏడో స్థానంలో ఉన్నా అక్కడ తేడా పడదు. అలాంటి చోట హద్దులు కొలుస్తూ కూర్చునే బదులు ఆర్‌ఆర్‌ఎఫ్ పెట్టి, ఒక్కో వైపు నుంచి తీసుకునే పేజీలు యాభై నుంచి వందకో రెండొందలకో పెంచండి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఆ సెట్టింగ్ పేరు `rank_window_size`. అది చిన్నదిగా ఉంటే వెక్టర్ వైపు నూట ఇరవయ్యో స్థానంలో ఉన్న పేజీ రీర్యాంకర్ కంట పడనే పడదు.